అక్షరాలు పడే ఆట

శుక్రవారం పొద్దున చెల్లెలు ఫోన్‌లో టికెట్ల యాప్ తెరిచి, పెద్ద స్క్రీన్ ఉన్న హాల్లో వెనక నుంచి మూడో వరసలో, సరిగ్గా మధ్యన రెండు సీట్లు ఎంచుకుంది. ఏడు నిమిషాల్లోగా డబ్బు కట్టకపోతే సీట్లు వదిలేస్తామని పైన గడియారం తిరగడం మొదలైంది. ఆ ఫోన్ పట్టుకునే వంటింట్లోకి వచ్చి, అక్కకి తన మొహం కనబడేలా ఎదురుగా నిలబడింది.

"రేపు మ్యాట్నీకి వెళ్దామా?"

"నేను రాను," అంది అక్క ఉల్లిపాయ తరగడం ఆపకుండా. "ఓటీటీలోకి వచ్చాక చూస్తా."

"రెండు నెలలు పడుతుందే అక్కా!"

"పట్టనీ. అరవై నాలుగేళ్లు ఆగినదాన్ని, రెండు నెలలు ఆగలేనా?"

అక్క బడిలో ముప్పై ఏళ్లు భాష టీచరు. రిటైరైన రెండేళ్లకి చెవులు మందగించాయి. ఇప్పుడు రెండు చెవులకీ మిషన్లున్నాయి. ఎదుటివాళ్లు మొహం చూస్తూ మాట్లాడితే ముప్పాతిక అర్థమవుతుంది, తల పక్కకి తిప్పితే పావు కూడా కాదు. బావ పోయాక చెల్లెలి దగ్గరికి వచ్చేసింది. ఇంట్లో ఇద్దరే ఉంటారు. పదహారేళ్లు పెద్దది కాబట్టి చెల్లెల్ని ఎత్తుకుని పెంచింది కూడా ఆవిడే. అందుకే ఈ నలభై ఎనిమిదేళ్ల వయసులోనూ చెల్లెలు ఆవిడకి 'బుల్లి'.

బుల్లి చేసే పని వింటే ఎవరైనా ముందు నవ్వుతారు. సినిమాల్లో మనుషులు నడిచినప్పుడు, కూర్చున్నప్పుడు, గిన్నె దించినప్పుడు, చీర సర్దుకున్నప్పుడు వచ్చే చప్పుళ్లు చాలావరకు షూటింగులో దొరికినవి కావు. ఆ తర్వాత స్టూడియోలో, తెర మీద బొమ్మ చూస్తూ, దానికి సరిపోయేలా ఒకరు చేసినవి. ఆ చేసే మనిషి ఈవిడ. ఇరవై రెండేళ్లుగా హీరోలకీ, హీరోయిన్లకీ, దొంగలకీ, పోలీసులకీ నడిచి పెడుతోంది. స్టూడియోలో అందరూ 'అడుగులమ్మ' అంటారు.

ఆవిడ చప్పుళ్లు చేసిన ఈ సినిమా ఆ శుక్రవారమే విడుదలైంది, అందులో ఒక సీనుంది. ఇల్లు ఖాళీ చేసే ముందు ఒక ముసలావిడ గది గదికీ తిరిగి చూసుకుంటుంది. నాలుగు నిమిషాలు. మాట లేదు. మ్యూజిక్ కూడా ఉండేది గానీ, చప్పుడు విన్నాక డైరెక్టరు దాన్ని తీయించేశాడు. "అడుగులమ్మ చాలు, ఇంకేం వద్దు," అన్నాడు. ఇరవై రెండేళ్లలో ఆవిడ పనికి అడ్డం లేకుండా తెర మొత్తం వదిలేయడం ఇదే మొదటిసారి.

"ఒక సీనుంది అక్కా. అది హాల్లో వినాల్సిందే. ఇంట్లో టీవీలో ఏమీ తెలీదు."

"నాకు హాల్లోనూ తెలీదు గదే," అంది అక్క. కత్తి పక్కన పెట్టి చెల్లెలి వైపు తిరిగింది. "పోయినసారి తీసుకెళ్లావు, గుర్తుందా? పక్కావిడ నవ్వినప్పుడల్లా నేనూ నవ్వాను. ఒకసారి ఆవిడ తుమ్మింది, నేను నవ్వేశాను. ఎలా చూసిందో తెలుసా నన్ను? మూడు గంటలు అలా పక్కవాళ్ల మొహాలు చూస్తూ కూర్చోవడానికి నేను రాను. ఇంట్లో అయితే కింద అక్షరాలు పడతాయి. ఎవడు ఏమన్నాడో నాకు తెలుస్తుంది."

"సినిమా అంటే మాటలేనా?"

"మాటలు వినబడేవాళ్లకి కాదేమో. నాకు మాటలే."

చెల్లెలు ఫోన్ చూసుకుంది. ఏడు నిమిషాలు అయిపోయాయి. మధ్య సీట్లు రెండూ ఎవరో ఎగరేసుకుపోయారు.

ఆ వారమంతా ఇంట్లో ఇదే గొడవ. చెల్లెలు చెప్పేది: పెద్ద హాల్లో చప్పుడు చుట్టూ ఉన్న స్పీకర్లలోంచి వస్తుంది, ముసలావిడ పక్క గదిలోకి వెళ్తే అడుగులు కూడా మన పక్కకి వెళ్తాయి, టీవీలో అన్నీ కలిపి రెండు చిన్న రంధ్రాల్లోంచి బయటికి తోస్తారు. అక్క చెప్పేది: ఆ చుట్టూ ఉన్న స్పీకర్లన్నీ కలిసి నా చెవి మిషన్లో ఒకటే హోరు పెడతాయి, మనిషి గొంతు ఎక్కడుందో వెతుక్కోవాలి. ఇద్దరి మాటా నిజమే. అందువల్లే తెగలేదు. సోమవారం నాటికి పెద్ద స్క్రీన్‌లో ఐదు ఆటలు మూడయ్యాయి. బుధవారానికి రెండు. వచ్చే శుక్రవారం పెద్ద హీరో సినిమా దిగుతోంది, పెద్ద స్క్రీన్ దానికి పోతుంది. చెల్లెలు యాప్ తెరిచిన ప్రతిసారీ ఆటలు తగ్గుతున్నాయి, ఎవరో వేళ్లు ఒక్కొక్కటే మడిచి లెక్కపెడుతున్నట్టుగా ఉంది ఆవిడకి.

గురువారం ఆవిడ స్టూడియో నుంచి నేరుగా హాలుకి వెళ్లి మేనేజర్ని పట్టుకుంది. బట్టతల, మెడలో తాడుకి వేలాడే కార్డు, రెండు ఫోన్లు. మనిషి మంచివాడే.

"మన భాష మాటలకి మన భాషలోనే అక్షరాలు వేసే ఆట ఒకటి పెట్టలేరా?" అని అడిగింది.

"పెట్టొచ్చు మేడమ్. కానీ అది బటన్ నొక్కితే వచ్చేది కాదు," అన్నాడు. "మాకు సినిమా హార్డ్ డిస్కులో వస్తుంది. అందులో మామూలు వెర్షన్ ఒకటి, అక్షరాలున్న వెర్షన్ ఒకటి. ఫైలు ఉన్నా తాళం వేసి ఉంటుంది. డిస్ట్రిబ్యూటరు కీ పంపాలి. ఆ కీ మా మిషన్‌కి మాత్రమే, ఫలానా రోజు ఫలానా టైమ్ నుంచి ఫలానా టైమ్ దాకా మాత్రమే పని చేస్తుంది. రెండో వెర్షన్‌కి మళ్లీ వేరే కీ. ఎవరూ అడగరు కాబట్టి వాళ్లు పంపరు."

"నేను అడుగుతున్నా కదా!"

"మీరొక్కరూ..."

"మా సినిమాయే అది. నేను పనిచేశాను."

ఆయన ఆవిణ్ని కొత్తగా చూశాడు. ఏం పని అని అడిగాడు. చెప్పింది. నవ్వాడు, ఆ తర్వాత సర్దుకుని, మెయిల్ పెడతానన్నాడు. శుక్రవారం సాయంత్రం ఫోన్ చేశాడు. ఆదివారం పొద్దున పదిన్నర ఆటకి డిస్ట్రిబ్యూటరు ఒప్పుకున్నాడట. నాలుగో స్క్రీన్, చిన్నదే, కానీ సౌండ్ బాగుంటుందన్నాడు.

"అక్షరాలు పడతాయి," అంది చెల్లెలు ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా. "హాల్లో! పెద్ద తెర మీద!"

అక్క నమ్మలేదు. రెండుసార్లు అడిగింది. ఆ తర్వాత బీరువాలోంచి మంచి చీర తీసింది. చెవి మిషన్లకి కొత్త బ్యాటరీలు వేసుకుంది, పాతవి ఇంకా నాలుగు రోజులు వస్తాయని తెలిసి కూడా. ఆదివారం పదింబావుకే సీట్లలో ఉన్నారు. హాల్లో మొత్తం మీద ఇరవై మంది లేరు.

ప్రకటనలయ్యాయి. పొగ తాగొద్దన్నారు. సినిమా మొదలైంది. ఒక మనిషి బస్సు దిగి ఇంకో మనిషితో ఏదో అన్నాడు. తెర కింద ఏమీ పడలేదు.

"ఇంకా రాలేదేం?" అంది అక్క. నెమ్మదిగా అన్నాననుకుంది గానీ ముందు వరసవాళ్లు వెనక్కి చూశారు.

చెల్లెలు చీకట్లో మెట్లు తడుముకుంటూ బయటికి పరిగెత్తింది. మేనేజరు ఆఫీసు బయటే ఫోన్లో అరుస్తూ కనబడ్డాడు. ఆవిణ్ని చూసి ఫోన్ దించాడు.

"కీ వచ్చింది మేడమ్. నిన్న రాత్రే వచ్చింది. కానీ ఈ రోజు పన్నెండు నుంచి పనిచేసేలా పంపారు. పదిన్నర ఆటకి అని నేను స్పష్టంగా రాశాను. మిషన్ ఒప్పుకోవట్లేదు. అందుకే మామూలు వెర్షన్ వేయాల్సొచ్చింది."

"మరి పన్నెండింటికి మొదలుపెట్టండి. ఆగుతాం."

"ఒంటిగంటకి ఇదే స్క్రీన్లో వేరే సినిమా ఉంది. జనం టికెట్లు కొనేశారు. సారీ మేడమ్. ఆదివారం కదా, అక్కడ ఎవరూ ఫోన్ ఎత్తట్లేదు."

చెల్లెలికి ఏడుపొచ్చినంత పనైంది. ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. ఆయన చేయగలిగింది చేశాడు. ఎక్కడో ఒకడు ఒక గడిలో పది బదులు పన్నెండు కొట్టాడు, అంతే.

లోపలికి వచ్చి అక్క చెవి దగ్గర సంగతి చెప్పి, "వెళ్లిపోదామా?" అంది.

"వచ్చాం కదా, కూర్చుందాం," అంది అక్క. ఆ గొంతు విని చెల్లెలికి ఇంకా బాధేసింది. బడిలో మార్కులు తక్కువొచ్చిన పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడే గొంతు అది.

ఇంటర్వెల్ అయ్యాక పెళ్లి ఊరేగింపులో కొట్లాట ఒకటి వచ్చింది. బాజాలు, కేకలు, లారీ హారన్లు. చెల్లెలికే చెవులు గింగుర్లెత్తాయి. ఆ తర్వాత తెర మీద అంతా ఒక్కసారిగా ఆగిపోయింది. ఖాళీ ఇల్లు. వాకిట్లో ముసలావిడ. మొదటి అడుగు హాలు ఎడమ పక్కన పడింది. అరిగిపోయిన చెప్పు, గచ్చు మీద సన్నటి ఇసక, కుడికాలు కొద్దిగా ఈడ్చినట్టు. రెండో గదిలోకి వెళ్లేసరికి ఆ చప్పుడు గోడ వెనక నుంచి వచ్చింది. ముందు వరసలో పాప్‌కార్న్ నమలడం ఆపేశారు. చెల్లెలు ఇక ఉండబట్టలేక అక్క వైపు చూసింది.

అక్క తెర వైపే చూస్తోంది. చెవుల్లో ఏమీ లేవు. మిషన్లు రెండూ తీసి ఒళ్లో చేతిరుమాల్లో పెట్టుకుంది. కొట్లాట హోరు భరించలేక తీసేసి ఉంటుంది.

చెల్లెలు ఆవిడ చెయ్యి పట్టుకుని, చెవి వైపు వేలు చూపించింది. అక్క ఏమిటన్నట్టు చూసి, రుమాలు విప్పి, ఒక మిషన్ కింద పడేసుకుంది. ఫోన్ లైటు వేసి వెతకబోతే వెనకనుంచి ఎవరో "లైట్!" అని అరిచారు. సీటు కింద దొరికేసరికి తెర మీద ముసలావిడ తలుపు దగ్గరికి లాగేసింది. నాలుగు నిమిషాలు అయిపోయాయి.

ఇల్లు చేరారు. గుమ్మం దగ్గర అక్క ఒక్కటే అంది. "ఇక నన్ను హాలుకి పిలవకు బుల్లీ. నీకు దండం పెడతా."

ఆ సినిమా పెద్దగా ఆడలేదు. అందువల్ల రెండు నెలలు అన్నది కాస్తా నాలుగు వారాలే అయింది. హాల్లో డబ్బు రాకపోతే నిర్మాత ఓటీటీ వాళ్లతో మాట్లాడి తేదీ ముందుకి జరుపుకుంటాడు. ఐదో శుక్రవారానికి ఇంట్లో టీవీలోకి వచ్చేసింది.

శనివారం పొద్దున అక్క స్నానం చేసి, టీవీ ముందు బాసింపట్టు వేసుకుని, రిమోట్ తన ఒళ్లో పెట్టుకుంది. ఆడియో, సబ్‌టైటిల్స్ అన్నచోటికి వెళ్లి, ఇంగ్లీషు కింద మన భాష పేరు వెతికి పట్టుకుంది. అక్షరాలు పెద్దవి చేసింది. వెనక నల్ల పట్టీ పెట్టింది. ఇంకో పద్ధతిలో పసుపు రంగు పెట్టి చూసి మళ్లీ తెలుపే చేసింది. ఇదంతా చెల్లెలు పళ్లు కొరుక్కుంటూ చూసింది.

సినిమా మొదలయ్యాక ఇంకా కష్టమైంది. బస్సు దిగినవాడు నోరు తెరవకముందే వాడి మాట కింద పడేది. అక్క టకటకా చదివేసి నవ్వేసేది. వాడు చెప్పడం అయ్యేసరికి ఆవిడ నవ్వూ అయిపోయేది. చెల్లెలికి ప్రతి జోకూ చల్లారిన కాఫీలా అందుతోంది. మధ్యలో ఆపడం, పది సెకన్లు వెనక్కి వెళ్లడం. "ఈ 'తోడల్లుడు' అన్నవాడు ఎవడే? ఓహో, ఇందాకటివాడా!" మూడుసార్లు 'శ' కి 'స' పడిందని నాలిక చప్పరించింది. కానీ అక్క సంతోషంగా ఉంది. హాల్లో అంతసేపు కూర్చుని అర్థం కానిదంతా ఇప్పుడు అర్థమవుతోంది. తండ్రీ కొడుకూ పోట్లాడుకునే సీను దగ్గర కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఖాళీ ఇల్లు వచ్చింది. చెల్లెలు లేచి ఫ్యాను ఆపేసింది. కిటికీ మూసింది. వాల్యూమ్ పూర్తిగా పెంచింది. అప్పటికీ ఆ అడుగులు, ఎక్కడో ఎవరో అట్టపెట్టె మీద గోరుతో గీకుతున్నట్టు వినబడ్డాయి. గది మారినా చప్పుడు మారలేదు, ఉన్నచోటే ఉంది.

తెర కింద నల్ల పట్టీ మీద ఒక మాట పడింది.

[నిశ్శబ్దం]

నాలుగు నిమిషాలూ అదొక్కటే.

"ఇక్కడ ఏమీ లేదన్నమాట," అంది అక్క. "చూశావా, నేను హాల్లో పోగొట్టుకుందేమీ లేదు."

చెల్లెలు రిమోట్ లాక్కుని సినిమా ఆపేసింది.

"నిశ్శబ్దమా! ఎవడు రాశాడే ఇది? పదకొండు రోజులు పట్టింది నాకు. పదకొండు రోజులు! ఏడు జతల చెప్పులు మార్చాను. ఇసక మూడు రకాలు జల్లెడ పట్టాను. మోకాలు వాచిపోయింది. ఆ ముసలమ్మ నడక ఎవరిదనుకున్నావు? నీది! నీ మోకాలి ఆపరేషన్ అయ్యాక కుడికాలు ఎలా వేస్తావో, అదే అది. నీ పాత తోలు చెప్పులతోనే చేశాను."

అక్క గుమ్మం దగ్గరి చెప్పుల వైపు చూసింది.

"నా తోలు చెప్పులు తీసింది నువ్వా? పనిమనిషిని అనుమానించాను కదే!"

ఇద్దరికీ నవ్వొచ్చింది. చెల్లెలికి నవ్వులోంచే ఏడుపొచ్చింది. అక్క దగ్గరికి జరిగి వీపు నిమిరింది.

"ఇదే మాట ముందే చెప్పి చావొచ్చు కదే. ఆ రోజు చెవిలోంచి తీసేదాన్నే కాదు."

"నీ అంతట నువ్వే పోల్చుకుంటావని..."

"సరే. ఇప్పుడు కథ తెలిసింది, మాటలన్నీ తెలిశాయి. ఇక అక్షరాలు నాకక్కర్లేదు. ఇప్పుడు హాలుకి తీసుకెళ్లు. చప్పుడు ఒక్కటే వింటా."

చెల్లెలు కళ్లు తుడుచుకుని ఆత్రంగా యాప్ తెరిచింది. సినిమా పేరు కొట్టింది. ఆటలు లేవు. పక్క పేటలో చూసింది, లేవు. మేనేజరుకి ఫోన్ చేసింది.

"అయ్యో మేడమ్, గురువారంతో తీసేశాం. ఓటీటీలోకి వచ్చాక హాలుకి ఎవరొస్తారు? పైగా మా కీ గడువు కూడా ఆ రోజుతోనే సరి. ఫైలు ఇంకా మా మిషన్లోనే ఉంది గానీ తెరవడం నా చేతుల్లో లేదు."

"రెండు రోజులు ముందు అడిగి ఉంటే?"

"రెండు రోజులు ముందు పదకొండింటి ఆట ఉంది మేడమ్. నలుగురొచ్చారు."

ఫోన్ పెట్టేసి సంగతి చెప్పింది. ముందు ఇంట్లో చదువుకుని, తర్వాత హాల్లో వింటే అక్కకి సినిమా పూర్తిగా దక్కుతుంది. కానీ ఇంట్లోకి వచ్చే రోజుకి హాల్లోంచి పోతుంది. ఎవరూ కావాలని చేసింది కాదు, ఆ వ్యాపారం అలాగే నడుస్తుంది. స్టూడియోలో వినిపిద్దామంటే, మిక్సింగ్ రూమ్ వేరే సినిమాకి నెలన్నర దాకా బుక్ అయి ఉంది.

అక్క ఊరుకోలేదు. ఓటీటీ కంపెనీకి ఉత్తరం రాసింది. సినిమాలో గంటా నలభై ఒకటో నిమిషం నుంచి నిశ్శబ్దం లేదు, ఒక మనిషి నడుస్తోంది, చెవులు వినబడనివాళ్లకి ఉన్నది లేదని చెప్పడం అబద్ధం అవుతుంది అని, తప్పొప్పుల పట్టికతో సహా. చెల్లెలు దాన్ని ఫోన్లోంచి పంపింది. నిమిషంలో జవాబొచ్చింది, మీ అభిప్రాయం మాకు విలువైనది అని. అక్క ఇంకోటి రాసింది. మళ్లీ అదే జవాబు. మూడోది రాసింది.

మూడు వారాలయ్యాక, పాత తప్పులు దిద్దారేమో చూద్దామని అక్క ఆ సీను పెట్టింది. పెట్టి చెల్లెల్ని కేకేసింది.

"మార్చారే బుల్లీ! నా మాట విన్నారు. ఏం రాశారో చదువు."

చెల్లెలు చదివింది.

[అడుగుల చెప్పుడు]

"చెప్పుడు అట!" అంది అక్క, తల కొట్టుకుంటూ. "ఇదేమన్నా చెప్పుడు మాటలా? 'చ' కి ఎత్వం ఎవడు పెట్టమన్నాడు వీళ్లని?" నాలుగో ఉత్తరానికి కాగితం తీసింది. దానికి ఇంతవరకు జవాబు రాలేదు.

తర్వాతి నెలలో బుల్లి పనిచేసిన ఇంకో సినిమా విడుదలైంది. ఈసారి గొడవ పడలేదు. శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ ఒక్కతే వెళ్లి మధ్య సీట్లో కూర్చుని చూసొచ్చింది. అక్క పెట్టిన షరతు ఒక్కటే, కథ చెప్పకూడదు. ఇంటికి వచ్చేసరికి నోటి చివర దాకా వచ్చిన మాటలన్నీ మింగాల్సి వచ్చింది. పని గురించి చెప్పుకుందామన్నా కథ చెప్పకుండా కుదరదు.

"జనం ఎలా ఉన్నారు?" అంది అక్క.

"సగం నిండింది."

"బాగుందా? అది కూడా చెప్పకులే. నీ మొహం చూస్తే తెలిసిపోతోంది, అటు తిరుగు."

చెల్లెలు అటు తిరిగి మంచినీళ్లు తాగింది. గోడ మీద క్యాలెండర్లో అక్క ఎనిమిది వారాలు లెక్కపెట్టి, ఆ గడిలో సినిమా పేరు రాసుకుంటోంది.

"పెన్నుతో రాయకక్కా," అంది చెల్లెలు వెనక్కి చూడకుండానే. తర్వాత గుర్తొచ్చి, ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడి మళ్లీ చెప్పింది. "పెన్సిల్‌తో రాయి. తేదీ మారుస్తారు."